రూమ్ స్ప్రేలో స్పిరిట్ వేసినా నూనె పైకి ఎందుకు తేలుతుంది?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. యూట్యూబ్‌లో చూసి ఇంట్లోనే రూమ్ స్ప్రే చేశాను. 200 మి.లీ. సీసాలో 150 మి.లీ. ఫిల్టర్ నీళ్ళు, 50 మి.లీ. మెడికల్ షాపు స్పిరిట్ (సీసా మీద 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని ఉంది), 60 చుక్కలు నిమ్మగడ్డి నూనె, 20 చుక్కలు లవంగ నూనె వేశాను. కలపగానే పాలలాగా తెల్లగా అయింది. తెల్లారేసరికి నూనె పైన పసుపుగా తేలింది. కొడితే వాసన అంతంతమాత్రం. సీసా చివరికి వచ్చాక మాత్రం ఘాటుగా వచ్చి కర్టెన్ మీద మరక పడింది. స్పిరిట్ వేస్తే నూనె కరుగుతుందన్నారు, నాకెందుకు కరగలేదు? నూనె మంచిది కాదా? మళ్ళీ చేస్తే పూజ గది కోసం కర్పూరం కూడా కలపొచ్చా?

సమాధానం:

నూనెను అనుమానించకండమ్మా. మీ సీసాలో స్పిరిట్ చాలలేదు, అంతే. మీరు పోసిన నీళ్ళలో సగానికి సగం తగ్గించినా చాలేది కాదు. మీకు సులువైన దారి ఒకటి చెప్తాను: నీళ్ళు అసలు పోయకండి, నూనె సగానికి తగ్గించండి. అదే 70% స్పిరిట్ సీసా నిండా పోసి, 30 చుక్కలు నిమ్మగడ్డి నూనె, 10 చుక్కలు లవంగ నూనె వేయండి. కరిగిపోతుంది, నెలల తరబడి కలిసే ఉంటుంది. నీళ్ళు ఎక్కువగానే ఉండాలి, స్పిరిట్ వాసన పడదు అనుకుంటే ఇంకో దారి ఉంది, దానికి పాలీసార్బేట్ 20 అనే పదార్థం కావాలి. దాని సంగతి కింద రాస్తాను.

మేము తిరుపతిలో లాడ్జీలకు ఫినాయిల్, రూమ్ ఫ్రెష్‌నర్ తయారుచేసి ఇస్తాం. మీకు వచ్చిన సమస్యే కొత్తగా ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్ళకీ వస్తుంది. అందరూ నూనె కల్తీ అనుకుంటారు, లేదా సరిగ్గా ఊపలేదు అనుకుంటారు. లెక్క వేసి చూసేవాళ్ళు తక్కువ.

ముందు మీ సీసా లెక్క చూద్దాం. 70% స్పిరిట్ అంటే ఆ సీసాలో 70 పాళ్ళు ఆల్కహాల్, 30 పాళ్ళు నీళ్ళు అప్పటికే కలిసి ఉన్నాయి. మీరు పోసిన 50 మి.లీ.లో అసలు ఆల్కహాల్ 35 మి.లీ. మాత్రమే. దానికి 150 మి.లీ. నీళ్ళు చేరాయి. మొత్తం మీద చూస్తే ఆల్కహాల్ సుమారు 17 శాతమే. డ్రాపర్ చుక్కలు సుమారుగా 20 అయితే ఒక మి.లీ. అవుతుంది కాబట్టి 80 చుక్కలంటే 4 మి.లీ. నూనె, అంటే 2 శాతం. 17 శాతం ఆల్కహాల్ ఉన్న నీళ్ళకు, నూనె విషయంలో, వట్టి నీళ్ళకు పెద్ద తేడా ఏమీ ఉండదు. అందులో 2 శాతం నూనె ఎవరు కలిపినా నిలవదు.

యూట్యూబ్ వీడియోల్లో "నీళ్ళు ముప్పావు, స్పిరిట్ పావు" అని చెప్పేస్తారు. కలిపిన వెంటనే ఊపి, కొట్టి, వీడియో ఆపేస్తారు. తెల్లారి ఆ సీసా ఎలా ఉందో ఎవరూ చూపించరు.

ఇప్పుడు అసలు ప్రశ్న: నీళ్ళు ఎక్కువైతే స్పిరిట్ ఎందుకు చేతులెత్తేస్తుంది?

నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నిమ్మగడ్డి నూనెలో ఎక్కువ భాగం సిట్రాల్. నారింజ తొక్క నూనెలో దాదాపు అంతా లిమోనిన్. ఇలాంటి అణువులకు నీటితో పట్టు కుదరదు. నీళ్ళు వాటిని బయటికి నెట్టేసి తమలో తాము చేరతాయి. ఆల్కహాల్ అణువుకు మాత్రం రెండు వైపులూ ఉన్నాయి. ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెతో కలుస్తుంది. అది తగినంత ఉంటే నూనె అణువు చుట్టూ చేరి, దాన్ని నీళ్ళ మధ్య ఇమిడ్చగలదు. కానీ ఆల్కహాల్‌కు నీళ్ళంటేనే ఎక్కువ ఇష్టం. నీళ్ళు పెరిగేకొద్దీ అది నీళ్ళ వైపే వెళ్ళిపోతుంది, నూనె పక్కన ఎవరూ మిగలరు. మనం ఒక్కో చెంచా నీళ్ళు పోస్తూ వెళ్తే కరిగే శక్తి కొంచెం కొంచెంగా కాదు, చాలా వేగంగా పడిపోతుంది. అందుకే ఒక దశ దాకా అద్దంలా ఉన్న ద్రావణం ఇంకో రెండు చెంచాలు పడేసరికి ఉన్నట్టుండి మసకబారుతుంది.

ఆ తెలుపును మీరు ఇంట్లో ఎన్నోసార్లు చూసే ఉంటారు. డెట్టాల్ సీసాలో ఉన్నప్పుడు తేనె రంగులో అద్దంలా ఉంటుంది, బకెట్ నీళ్ళలో పోయగానే తెల్లటి మబ్బులా విచ్చుకుంటుంది కదా, అదీ ఇదీ ఒకటే. డెట్టాల్‌లో పైన్ నూనె, ఆల్కహాల్, ఆముదంతో చేసిన సబ్బు ఉంటాయి. నీళ్ళు పడగానే ఆల్కహాల్ పలచబడి, నూనె కోట్ల సంఖ్యలో కంటికి కనపడనంత సన్న బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువులు వెలుతురును చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనపడుతుంది. గ్రీసు దేశంలో ఊజో అని సోంపు వాసన వచ్చే మద్యం ఒకటి ఉంది, నీళ్ళు కలిపితే అదీ ఇలాగే తెల్లబడుతుంది. దాని పేరు మీదే దీన్ని ఊజో ఎఫెక్ట్ అంటారు.

డెట్టాల్‌కు, మీ సీసాకు తేడా సబ్బు దగ్గర వస్తుంది. డెట్టాల్‌లో సబ్బు ఆ బిందువుల చుట్టూ పొరలా కూర్చుని, అవి ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది. మీ సీసాలో ఆపేవాళ్ళు లేరు. చిన్న బిందువులు కలిసి పెద్దవవుతాయి, పెద్దవి పైకి లేస్తాయి, తెల్లారేసరికి చారు మీద తాలింపు నూనెలా పైన తేలతాయి. అంటే తెల్లబడటం కరగడం కాదు. చాలామంది "బాగా కలిసింది, పాలలా అయింది" అని సంతోషపడతారు. అది విడిపోవడంలో మొదటి మెట్టు. కరిగిన స్ప్రే తెల్లగా ఉండదు, గ్లాసు అవతల పెట్టిన పేపర్ అక్షరాలు చదవగలిగేంత స్వచ్ఛంగా ఉంటుంది.

ఇక్కడ చిన్న మాట. లవంగ నూనె నీటికంటే కొంచెం బరువు. వట్టి నీళ్ళలో వేస్తే అడుగుకు దిగుతుంది. మీ సీసాలో అది కూడా పైకే వచ్చింది. ఎందుకంటే నూనెలు రెండూ ఊపినప్పుడు ముందు తమలో తాము కలిసిపోతాయి. నిమ్మగడ్డి నూనె తేలిక, పాలు ఎక్కువ, కాబట్టి మొత్తం మీద ఆ కలిసిన నూనె పైకే తేలుతుంది. లవంగ నూనె ఒక్కటే వేసి చేసి ఉంటే మీరు నూనెను అడుగున చూసేవాళ్ళు, అప్పుడు పరిస్థితి ఇంకా పాడుగా ఉండేది. ఎలాగో చెప్తాను.

స్ప్రే సీసా లోపల సన్న గొట్టం ఉంటుంది కదా, దాని కొస అడుగుకు తగిలేలా ఉంటుంది. అంటే పంపు ఎప్పుడూ అడుగునున్నదే లాగుతుంది. మీ సీసాలో అడుగున ఉన్నది కాస్త స్పిరిట్ కలిసిన నీళ్ళు. మీరు ఇన్నాళ్ళూ దాన్నే కొట్టారు. లవంగం వాసన కొద్దికొద్దిగా వచ్చి ఉంటుంది, ఎందుకంటే లవంగ నూనెలో ఉండే యూజినాల్ నీటిలో కొంచెమైనా కరుగుతుంది. నిమ్మగడ్డి వాసన అంతకూడా రాదు. నీళ్ళు అయిపోతూ వచ్చేసరికి పైనున్న నూనె పొర గొట్టం కొస దాకా దిగింది. అప్పుడు మీరు కొట్టింది రూమ్ స్ప్రే కాదు, దాదాపు పచ్చి నూనె. కర్టెన్ మీద మరక అందుకే. అడుగున చేరే బరువు నూనె అయితే మొదటి దెబ్బకే ఆ పచ్చి నూనె వస్తుంది, అది చర్మం మీద పడితే మండుతుంది.

మా దగ్గర సరుకు తీసుకునే ఒక లాడ్జీ సూపర్‌వైజర్ స్ప్రే ఎక్కువ రోజులు రావాలని క్యాన్‌లో నీళ్ళు కలిపించాడు. మొదట్లో "వాసన తగ్గింది" అని ఫోన్లు, తర్వాత "దిండు గలీబుల మీద పసుపు చుక్కలు పడుతున్నాయి" అని ఫోన్లు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే చోటు నుంచి ఒకదాని వెనుక ఒకటి వస్తే, ఇంక క్యాన్ చూడక్కర్లేదు, ఎవరో నీళ్ళు పోశారని అర్థం.

సరే, చేసే విధానం.

మొదటి దారి: స్పిరిట్ ఎక్కువగా. పొడిగా ఉన్న సీసాలో ముందు నూనెలు వేయండి, 30 చుక్కలు నిమ్మగడ్డి, 10 చుక్కలు లవంగం. మొత్తం 2 మి.లీ., అంటే 1 శాతం. దాని మీద 70% స్పిరిట్ మెడ దాకా పోసి, మూత పెట్టి నాలుగైదుసార్లు తలకిందులు చేయండి. వెంటనే కాస్త మసకగా కనిపిస్తే కంగారు పడకండి, అవి గాలి బుడగలు కావచ్చు. గాలి బుడగలైతే నిమిషంలో అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తుంది. నూనె విడిపోవడం వల్ల వచ్చిన మసకైతే అలా పోదు, ఐదు నిమిషాలు చూసినా సీసా అంతా ఒకేలా మబ్బుగా ఉంటుంది.

ఒక శాతం నూనె అంటే తక్కువ కదా అనిపించొచ్చు. మీ పాత సీసాలో 2 శాతం ఉండి కూడా వాసన రాలేదు, ఎందుకంటే అది గొట్టంలోకి వెళ్ళనే లేదు. కరిగిన 1 శాతం ప్రతి దెబ్బకూ సమానంగా వస్తుంది. మామూలు పడగ్గదికి మూడు నాలుగు దెబ్బలు చాలు. నిమ్మగడ్డి అసలే ఘాటు.

99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే 140 మి.లీ. దానికి 60 మి.లీ. నీళ్ళు పోస్తే 70 శాతం మీరే తయారుచేసుకోవచ్చు. నూనెను ముందు ఆల్కహాల్‌లో కరిగించి, నీళ్ళు చివర్లో కొద్దికొద్దిగా పోయండి. ఈ వరస మీద చాలా చర్చలు నడుస్తుంటాయి, "నీళ్ళు ముందు పోశారు కాబట్టే విడిపోయింది" అంటుంటారు. అది సగమే నిజం. ఆల్కహాల్ తగినంత ఉంటే ఏ వరసలో పోసినా చివరికి కరుగుతుంది, కాకపోతే చాలాసేపు ఊపాల్సి వస్తుంది. తగినంత లేకపోతే ఏ వరసలో పోసినా విడిపోతుంది. నీళ్ళు చివర్లో పోయడం వల్ల అసలు లాభం వేరే. ఎక్కడ మసకబారుతుందో కళ్ళతో చూడొచ్చు, అక్కడే ఆగిపోవచ్చు.

దాన్నే మేము ఏ కొత్త నూనె వచ్చినా ముందు చేసే పరీక్షగా వాడతాం. మీరూ చేయొచ్చు, ఒక సిరంజి, ఒక గాజు గ్లాసు చాలు. 10 మి.లీ. 99% ఆల్కహాల్‌లో 4 చుక్కల నూనె వేసి కలపండి. గ్లాసు వెనక పేపర్ పెట్టండి. సిరంజితో ఒక్కొక్క మి.లీ. నీళ్ళు పోస్తూ, ప్రతిసారీ కలిపి అర నిమిషం ఆగి చూడండి. అక్షరాల అంచులు మసకబారి, కలిపినా పోకపోతే అదే హద్దు. ఉదాహరణకు ఏడో మి.లీ. దగ్గర మసక వచ్చిందనుకుందాం. 10 మి.లీ. ఆల్కహాల్, 7 మి.లీ. నీళ్ళు, అంటే ఆల్కహాల్ 58 శాతం దగ్గర ఆ నూనె చేతులెత్తేసింది. మీ స్ప్రేను దానికంటే ఒక ఆరేడు శాతం పైనే ఉంచుకోండి, అంటే 65. మరీ హద్దు దగ్గరే ఆపితే, పగలు బాగున్న సీసా రాత్రి ఏసీ గదిలో మసకబారుతుంది. చల్లబడితే కరిగించుకునే శక్తి తగ్గుతుంది. లాడ్జీ ఏసీ గదుల నుంచి మాకు వచ్చే "సీసా తెల్లబడింది" ఫోన్లలో చాలావరకు ఇదే కారణం, చలికాలంలో మదనపల్లె వైపు నుంచి కూడా వస్తాయి. కాసేపు బయట పెట్టి ఊపితే మళ్ళీ తేటపడుతుంది.

ఈ పరీక్షలో ఒక్కో నూనె ఒక్కోలా నడుస్తుంది. లావెండర్, యూకలిప్టస్, లవంగం, మంచి గంధపు నూనె 70 శాతం దగ్గర పేచీ పెట్టవు. నారింజ, నిమ్మకాయ తొక్క నూనెలు మొండివి. వాటిలో ఉండే లిమోనిన్‌కు నీటిని పట్టుకునే కొస ఒక్కటి కూడా లేదు, అందుకే కొద్దిపాటి నీళ్ళకే బయటికి వచ్చేస్తుంది. "స్వీట్ ఆరెంజ్ వేశాను, 70 శాతంలో కూడా మసకగా ఉంది" అంటే నూనె కల్తీ అని అర్థం కాదు. నూనె అర శాతానికి తగ్గించాలి, లేదా ఆల్కహాల్ 80, 85కు పెంచాలి. నిమ్మగడ్డిలో కూడా రెండు రకాలున్నాయి. కేరళ వైపు కొచ్చిన్ నూనెగా పేరుపడ్డ రకం 70 శాతంలో బాగా కరుగుతుంది. రెండో రకంలో మిర్సీన్ అనే పదార్థం ఎక్కువ, అది నిల్వ ఉన్నకొద్దీ జిగురుగా మారి కొంచెం మసక ఇస్తుంది. మీ సీసాలో 1 శాతం దగ్గర కూడా లేత మబ్బు ఉండిపోతే, 99% ఆల్కహాల్ ఓ పది, పదిహేను మి.లీ. కలపండి.

నూనె అసలైనదా కాదా అనే మీ అనుమానానికి వేరే పరీక్ష ఉంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఫ్యాన్ కింద ఉంచండి. నిమ్మగడ్డి, యూకలిప్టస్ లాంటివి కొన్ని గంటల్లో ఆవిరైపోతాయి, మహా అయితే లేత పసుపు రంగు మిగులుతుంది. మర్నాటికి కూడా కాగితం వెలుతురుకు పెడితే జిడ్డుగా, పారదర్శకంగా కనపడితే అందులో వంటనూనో, పారఫిన్ నూనో కలిపారు. గంధం, వట్టివేరు నూనెలకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అవి సహజంగానే చాలా నెమ్మదిగా ఆవిరవుతాయి.

తిరుపతి కాబట్టి ఇంకోటి చెప్పాలి. "ఎర్రచందనం ఎసెన్షియల్ ఆయిల్" అని మన ఊరి పేరు చెప్పి అమ్మేవాళ్ళు ఉన్నారు. శేషాచలం ఎర్రచందనానికి విలువ రంగు వల్ల, కలప వల్ల. దానికి శ్రీగంధం లాంటి సువాసన లేదు. ఆ సీసాలో గంధం వాసన వస్తోందంటే అది వేరే ఏదో సెంటు. అలాంటి సెంట్లను చాలావరకు బరువైన ద్రావకాల్లో పలచన చేస్తారు, స్పిరిట్ తక్కువైతే అవి అడుగున చేరతాయి. పైన చెప్పిన మొదటి దెబ్బకే మరక పడే కేసు సరిగ్గా ఇదే.

రెండో దారి: పాలీసార్బేట్ 20. ఇంట్లో చిన్నపిల్లలో, ఆస్తమా ఉన్నవాళ్ళో ఉండి స్పిరిట్ ఎక్కువ వద్దనుకుంటే ఇది. చిక్కటి, లేత పసుపు రంగు ద్రవం. సబ్బులు, క్రీములు చేసుకునేవాళ్ళ ముడిసరుకు అమ్మే ఆన్‌లైన్ షాపుల్లో చిన్న సీసాలు దొరుకుతాయి. చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు కెమికల్ షాపుల్లో లీటర్లలెక్కన ఇస్తారు. దీని అణువుకు నూనెను పట్టే తోక, నీటిని పట్టే పెద్ద తల ఉంటాయి. నీళ్ళలో ఇవి గుంపుగా చేరి, తోకలు లోపలికి పెట్టుకుని, మధ్యలో నూనెను దాచుకుంటాయి. ఆ గుంపులు ఎంత చిన్నవంటే వెలుతురు చెదరదు, అందుకే ద్రవం తేటగా కనపడుతుంది.

200 మి.లీ.కి 2 మి.లీ. నూనె, 8 మి.లీ. పాలీసార్బేట్. నూనెకు నాలుగింతలు. దీంట్లో మాత్రం వరస తప్పకూడదు. పొడి గ్లాసులో నూనె, పాలీసార్బేట్ రెండూ వేసి, ఒకే రంగులో తేటగా అయ్యేదాకా చెంచాతో కలపండి. తర్వాత ఉంటే 40 మి.లీ. 99% స్పిరిట్ కలపండి. చివర్లో నీళ్ళు సన్న ధారగా, కలుపుతూ. స్పిరిట్ వేయకపోతే మధ్యలో ఒక దశలో గంజిలా చిక్కబడొచ్చు, ఆగకుండా నీళ్ళు పోస్తే మళ్ళీ పలచబడుతుంది. నీళ్ళలో ముందు నూనె వేసేసి తర్వాత పాలీసార్బేట్ పోస్తే, అది నూనె దగ్గరికి చేరేలోపే నీళ్ళలో గుంపులు కట్టుకుంటుంది. గంటల తరబడి ఊపినా మబ్బు పోదు. అలా అయిందని ఇంకా ఇంకా పోసేస్తే, కొట్టిన చోటల్లా నేల జిగటగా అవుతుంది. టైల్స్ మీద కాలికి అంటుకుంటుంది.

దీనికి రెండు లోపాలు. నాలుగు శాతం దాకా పాలీసార్బేట్ ఉంటుంది కాబట్టి అద్దాల మీద, టీవీ మీద పడితే మరక కడుతుంది. రెండోది, స్పిరిట్ లేకపోతే బూజు. నీళ్ళు, పాలీసార్బేట్ ఉన్న సీసా మన ఎండల్లో రెండు మూడు వారాలకే పొగలాంటి తీగలు కట్టి, వాసన మారిపోతుంది. 40 మి.లీ. స్పిరిట్, అంటే 20 శాతం, వేయమన్నది అందుకే. అయినా నెలకు సరిపడా మాత్రమే చేసుకోండి.

గ్లిజరిన్, ఉప్పు, బేకింగ్ సోడా వేస్తే కలుస్తుందని కూడా కొందరు చెప్తారు. గ్లిజరిన్ నీటి పక్షమే, నూనెను పట్టుకోదు. ఉప్పు వేస్తే ఇంకా చెడుతుంది, నీళ్ళు ఉప్పును పట్టుకుని నూనెను మరింత బయటికి తోస్తాయి. శానిటైజర్ జెల్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ జెల్ ఎండి నాజిల్ మూసుకుపోతుంది, సీసా పారేయాల్సిందే.

నీళ్ళ సంగతి. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. ఇంటి ఆర్వో నీళ్ళైనా ఫరవాలేదు. బోరు నీళ్ళు మాత్రం వద్దు. మన జిల్లా బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది, ఆ తెల్ల పొరే నాజిల్ కన్నంలో కూడా కడుతుంది.

స్పిరిట్ కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదు. హార్డ్‌వేర్ షాపుల్లో పాలిష్ పనికి అమ్మే స్పిరిట్ చవక అని తేవద్దు. అందులో మెథనాల్ ఉండొచ్చు, అది విషం, మూసిన గదిలో గాలిలోకి కొట్టేది కాదు. సీసా గాజుదో, మంచి పెట్ ప్లాస్టిక్‌దో ఉండాలి. నారింజ నూనె థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. స్వచ్ఛంగా గట్టిగా, టకటకమనే చవక ప్లాస్టిక్ సీసాలు అదే జాతివి, పగుళ్ళిస్తాయి.

ఇక కర్పూరం. స్పిరిట్ ఎక్కువున్న మొదటి దారిలో అయితే కరుగుతుంది. 200 మి.లీ.కి ఒక చిన్న బిళ్ళ చాలు, పొడి చేసి స్పిరిట్‌లో వేసి, రాత్రంతా ఉంచి, అడుగున ఏదైనా మిగిలితే గుడ్డలో వడకట్టండి. దీపం కర్పూరంలో కొన్నిసార్లు కరగని పొడి కూడా ఉంటుంది, అదే నాజిల్‌కు అడ్డం పడేది. నీళ్ళెక్కువ ఉన్న స్ప్రేలో వేయొద్దు, తెల్ల పలుకులుగా విడిపోతుంది. కర్పూరం కలిపిన స్ప్రే పసిపిల్లలున్న గదిలో అసలు వద్దు, సీసా వాళ్ళ చేతికి అందకుండా పెట్టండి. చిన్న పిల్లల కడుపులోకి కొంచెం కర్పూరం వెళ్ళినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

పూజ గది అన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను: దీపం వెలుగుతున్నప్పుడు, అగరుబత్తి కాలుతున్నప్పుడు, హారతి ఇచ్చేముందు ఈ స్ప్రే కొట్టకండి. 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 20 డిగ్రీల లోపే మంట అందుకోగలదు, మన ఊళ్ళో గది ఎప్పుడూ అంతకంటే వేడిగానే ఉంటుంది. పొద్దున్నే దీపం పెట్టకముందు కొట్టి, కిటికీ తీసి, పది నిమిషాలు ఆగండి. ఆ పది నిమిషాల్లో ఆసుపత్రి వాసన కూడా పోతుంది, నిమ్మగడ్డి మిగులుతుంది. వంటగదిలో స్టవ్ దగ్గర, పార్క్ చేసిన కారులో సీసా ఉంచొద్దు.

మీ దగ్గర ఇంకా ఆ పాత రకం సీసా మిగిలి ఉంటే దాన్ని బాగుచేయొచ్చా అని అడుగుతారేమో. లెక్క వేశాను. నిండు సీసాను 65 శాతానికి తేవాలంటే దాదాపు 280 మి.లీ. 99% ఆల్కహాల్ పోయాలి. అంత ఖర్చు పెట్టేకంటే కొత్తది చేసుకోవడం మేలు. పాతదాన్ని బాగా ఊపి, ఇల్లు తుడిచే బకెట్‌లో ఒక మూత ఫినాయిల్‌తో పాటు పోసేయండి. ఫినాయిల్‌లో సబ్బు ఉంటుంది కాబట్టి ఆ నూనె నేల మీద మరక కట్టకుండా చెదిరిపోతుంది.